కొత్త రిమోట్ టీమ్‌కు మొదటి పలకరింపు ఎలా రాయాలి?

ప్రశ్న: వచ్చే సోమవారం కొత్త ఉద్యోగంలో టెస్టర్‌గా చేరుతున్నాను. కిరాణా, మందుల దుకాణాలకు బిల్లింగ్ యాప్ చేసే చిన్న సంస్థ. ఆఫీసు లేదు. నాతో కలిపి 14 మందిమి, అందరూ ఇళ్ల నుంచే పని. ఎక్కువమంది విజయవాడ, హైదరాబాద్‌లలో, ఇద్దరు డల్లాస్‌లో ఉన్నారు. నాది నరసరావుపేట, ఉండేది బెంగళూరు మారతహళ్లిలో ఒక పీజీలో. అందరూ తెలుగువాళ్లే, స్లాక్‌లో తెలుగులోనే రాసుకుంటారట. నాకు మొదట బిల్లు ప్రింటింగ్ భాగం ఇస్తామన్నారు. ఇంతకుముందు మందుల దుకాణాల సాఫ్ట్‌వేర్ టెస్ట్ చేశాను. మొదటి రోజు ఛానెల్‌లో నన్ను నేను పరిచయం చేసుకోమన్నారు మేనేజర్. ఇలా రాసుకున్నాను, సరిపోతుందా?

> గౌరవనీయులైన టీమ్ సభ్యులందరికీ నమస్కారం. నా పేరు నాగ వెంకట లక్ష్మీ ప్రసన్న. నాకు టెస్టింగ్‌లో మూడేళ్ల అనుభవం ఉంది. మాన్యువల్, ఆటోమేషన్ రెండింటిలోనూ ప్రావీణ్యం ఉంది. ఇంత గొప్ప టీమ్‌లో చేరడం నా అదృష్టంగా భావిస్తున్నాను. మీ అందరి నుంచి ఎంతో నేర్చుకోవాలని ఆశిస్తున్నాను. నా వల్ల ఏవైనా పొరపాట్లు జరిగితే పెద్ద మనసుతో మన్నించగలరు. సినిమాలు, సంగీతం, ప్రయాణాలు నా అభిరుచులు. ధన్యవాదాలు.

సమాధానం: ఇందులో తప్పు మాట ఒక్కటీ లేదు. కానీ చదివినవాళ్లు తిరిగి ఏమనాలి? ‘స్వాగతం’ అనాలి, లేదా చెయ్యి ఊపే బొమ్మ నొక్కాలి. అంతకు మించి పట్టుకోవడానికి అందులో ఏమీ లేదు. బెంగళూరులోనే ఇంటి నుంచి ఇలాంటి టీమ్‌లను చాలాకాలంగా నడుపుతున్నాను, కొత్తవాళ్ల పరిచయాలు చాలా చదివాను. మంచి పరిచయానికి నేను పెట్టుకున్న కొలత ఒక్కటే. అది చదివాక కనీసం ముగ్గురు ఒక పూర్తి వాక్యం రాయగలగాలి. 13 బొమ్మలు వచ్చి ఒక్క వాక్యమూ రాలేదంటే అందరూ మర్యాద పాటించారు, మీతో మాత్రం ఎవరూ మాట్లాడలేదు. గురువారం నాడు మీకు ఏదో సందేహం వస్తుంది. అప్పుడు ఎవరికి రాయాలో తెలియక తెర ముందు కూర్చుండిపోతారు. ఆఫీసులో అయితే టీ దగ్గర ఈ మొహమాటం తీరిపోయేది, మీకు ఆ టీ లేదు.

రాసే ముందు ఒక పావుగంట ఛానెల్ చదవండి. మీకంటే ముందు చేరినవాళ్లు ఎలా పరిచయం చేసుకున్నారో చూడాలి. పైకి జరుపుకుంటూ వెతకనక్కర్లేదు. పరిచయాలకు చాలాచోట్ల చెయ్యి ఊపే బొమ్మ పెడతారు కాబట్టి స్లాక్ వెతుకుడు పెట్టెలో ఇలా కొట్టండి, ఛానెల్ పేరు మాత్రం మీది పెట్టుకోండి:

```
in:#team-billing has::wave:
```

ఆ బొమ్మ పడిన సందేశాలన్నీ వస్తాయి, పాత పరిచయాలు చాలావరకు అందులోనే ఉంటాయి. మూడు చదివితే చాలు. ఎంత పొడుగు రాశారు, ఒకరినొకరు గారు అనుకుంటున్నారా, పేరు పెట్టి పిలుచుకుంటున్నారా, సరదాగా రాసినదానికి ఎలాంటి జవాబులు వచ్చాయి అన్నవి అక్కడ తెలిసిపోతాయి. వాళ్లు నాలుగు వరుసల్లో ముగిస్తుంటే మీరు పన్నెండు రాయకండి. అందరూ గారు అంటుంటే మీరూ అనండి. అన్నా, అక్కా అనే పిలుపులు మాత్రం వాళ్లే చనువిచ్చిన తర్వాత.

ఇప్పుడు పేరు సంగతి. మన తెలుగువాళ్లకు ఇది పెద్ద చిక్కే. ఆధార్‌లోనో పాన్‌లోనో ఉన్నది ఉన్నట్టు హెచ్‌ఆర్ వాళ్లు ఖాతా తెరుస్తారు. అందులో మొదటి మాటే మీ పేరు అనుకుంటారు. మీకు `Naga Venkata Lakshmi Prasanna` అని ఖాతా వస్తే డల్లాస్ ఆయన మిమ్మల్ని నాగ అంటారు, విజయవాడ ఆమె లక్ష్మి అంటారు. ఇంట్లో ప్రసన్న అని పిలిపించుకునే మీరు మొదటి వారమంతా ఎవరిని పిలుస్తున్నారో తెలియక చూస్తుంటారు. వారం గడిచాక సరిదిద్దాలంటే మొహమాటం. కాబట్టి పరిచయం రాసే ముందే స్లాక్ ప్రొఫైల్ తెరిచి `Display name` దగ్గర `Prasanna` అని పెట్టుకోండి. `Full name` అలాగే ఉండనివ్వండి, జీతం లెక్కలవాళ్లకు అది కావాలి. కొన్ని సంస్థల్లో ఈ గడి మార్చనివ్వరు. అలా అయితే మేనేజర్‌కు ఒక మాట చెబితే మార్పిస్తారు. టీమ్‌లో ఇంకో ప్రసన్న ఉంటే ఇంటిపేరు మొదటి అక్షరం చేర్చుకోండి. సందేశంలో మాత్రం నాలుగు పేర్లూ వద్దు, ‘నేను ప్రసన్న’ అంటే చాలు. ఏమని పిలవాలో వాళ్లకు అందులోనే తెలిసిపోతుంది, ‘నన్ను ఇలా పిలవండి’ అని వేరే చెప్పనక్కర్లేదు.

ప్రొఫైల్‌లో ఫొటో కూడా అప్పుడే పెట్టేయండి. ముఖం కనిపిస్తే చాలు, పెళ్లి ఫొటో కత్తిరించినదైనా పరవాలేదు.

మీ డ్రాఫ్ట్‌లోకి వద్దాం. గౌరవనీయులైన, అదృష్టంగా భావిస్తున్నాను, పెద్ద మనసుతో మన్నించగలరు, ఈ మూడూ సన్మాన సభలో పనికొచ్చే మాటలు. వీటిలో మూడోదే నన్ను ఎక్కువ ఇబ్బంది పెట్టింది. మీరు టెస్టర్. తప్పులు పట్టుకోవడమే మీ పని. ఆ పనికి వచ్చిన మనిషి తొలి సందేశంలోనే క్షమాపణ చెప్పుకుంటే, రేపు ఒక డెవలపర్‌తో ‘ఇది సరిగా పనిచేయడం లేదు’ అని చెప్పాల్సి వచ్చినప్పుడు గొంతు పెగలదు. వినయం చూపాలంటే వాళ్లకు తెలిసినదాని గురించి అడగండి, అంతకన్నా మర్యాద లేదు.

మూడేళ్ల అనుభవం, మాన్యువల్, ఆటోమేషన్ అన్నవి రెజ్యూమెలో ఉన్నాయి. మిమ్మల్ని తీసుకున్నవాళ్లు అవి చదివే తీసుకున్నారు. దాని బదులు మీరు చేసిన పనిలోంచి ఒక్క ముక్క, చేత్తో పట్టుకోగలిగినంత స్పష్టంగా చెప్పండి. మీ ప్రశ్నలోనే అది ఉంది, మీరే గమనించినట్టు లేదు. మందుల దుకాణాల సాఫ్ట్‌వేర్ టెస్ట్ చేశారు, ఇక్కడ బిల్లు ప్రింటింగ్ చూడబోతున్నారు. ఆ 58 మిల్లీమీటర్ల థర్మల్ కాగితం మీద మందు పేరు, బ్యాచ్ నంబరు, గడువు తేదీ, ధర పట్టించడానికి పడే పాట్లు ఆ పనిలో ఉన్నవాళ్లందరికీ తెలుసు. ఆ పాటు మీరూ పడ్డారని ఒక వాక్యంలో తెలిస్తే చాలు, ఇక మీరు వాళ్లకు కొత్త మనిషి కాదు. ఒక్క జాగ్రత్త. పాత సంస్థ పేరు, వాళ్ల కస్టమర్ల పేర్లు, అక్కడి లోపాల చిట్టా రాయకండి. ఈ యాప్‌లో మీకు అప్పటికే ఏదైనా లోపం కనిపించినా ఈ సందేశంలో దాని ఊసెత్తకండి. అది రాసినవారు ఆ 13 మందిలోనే ఉన్నారు.

సినిమాలు, సంగీతం, ప్రయాణాలు అన్న మూడింటినీ కొట్టేయండి. అవి అందరివీ. మీ ఒక్కరిదే అయినది ఒకటి చాలు. బెంగళూరులో కొత్తగా ఉన్న తెలుగువాళ్లందరికీ జరిగేది మీకూ జరుగుతూనే ఉండి ఉంటుంది. లిపి దగ్గరగా ఉండటంతో బస్సు మీద కన్నడ బోర్డు గడగడా చదివేస్తాం. తీరా కండక్టర్ ఏదో అడిగితే నోరు తెరుస్తాం. ఇలాంటిది ఒకటి రాస్తే బెంగళూరులో ఉండి వెళ్లినవాళ్లు ఊరుకోలేరు, ఏదో ఒకటి రాస్తారు. సొంత ఊరి పేరు కూడా వేయండి. నరసరావుపేట అనగానే ‘మా అత్తగారిది చిలకలూరిపేట’ అని ఎవరో ఒకరు రాయకపోతే ఆశ్చర్యపోవాలి. పీజీ పేరు, వీధి మాత్రం వద్దు. మారతహళ్లి అన్నంత వరకే.

పని వేళల గురించి చాలామంది తొలి సందేశంలోనే ఉత్సాహపడి రాసేస్తారు, ‘డల్లాస్‌వాళ్ల కోసం రాత్రి పదింటిదాకా అందుబాటులో ఉంటాను’ అని. రాయకండి. ఒకసారి రాస్తే అదే మీ వేళ అయిపోతుంది. మీ ఊరి సమయం ఎంతో స్లాక్ ప్రొఫైల్‌లో ఎలాగూ కనిపిస్తుంది, మిగిలింది మేనేజర్‌తో విడిగా తేల్చుకోండి.

ఇక చివరి వరుస. నా లెక్కలో సందేశం మొత్తంలో అన్నిటికన్నా ఎక్కువ ఆలోచించాల్సింది ఇక్కడే. ఒక ప్రశ్న ఉండాలి, ఒక్కటే ఉండాలి. దేన్నీ తెరిచి చూడకుండా, ఎవరినీ సంప్రదించకుండా, టీ తాగుతూ ఒక వాక్యంలో జవాబు చెప్పగలిగేది అయి ఉండాలి. ‘నాకేమైనా సలహాలు ఇస్తారా?’ అంటే ఎవరూ ఇవ్వరు, అది మరీ విశాలం. ‘ప్రింటింగ్ డాక్యుమెంట్లు ఎక్కడున్నాయి?’ అంటే ఒక్కరు లింకు ఇస్తారు, అక్కడితో సరి. దుకాణదారుల ఫిర్యాదుల గురించి అడిగితే మాత్రం డెవలపర్, సపోర్ట్, సేల్స్ అందరి దగ్గరా ఒక్కో కథ ఉంటుంది. పైగా ఆ కథలే మీ టెస్ట్ కేసులు.

అన్నీ కలిపితే ఇలా వస్తుంది:

> అందరికీ నమస్కారం. నేను ప్రసన్న, ఈ రోజే టెస్టింగ్‌లో చేరాను. మొదట బిల్లు ప్రింటింగ్ చూస్తాను.
>
> ఇంతకుముందు మందుల దుకాణాల సాఫ్ట్‌వేర్ టెస్ట్ చేసేదాన్ని. 58 మి.మీ. కాగితం మీద మందు పేరు, బ్యాచ్ నంబరు, గడువు తేదీ ఒకే వరుసలో పట్టించడం అక్కడ నాకు రోజూ ఉండే తగువు.
>
> మాది నరసరావుపేట, ఉండేది బెంగళూరు మారతహళ్లి. కన్నడ బోర్డులు గడగడా చదివేస్తాను, అర్థమయ్యేది మాత్రం సగమే.
>
> ఒక చిన్న ప్రశ్న. బిల్లు ప్రింటు గురించి దుకాణదారులు చేసిన ఫిర్యాదుల్లో మీకు ఇప్పటికీ గుర్తున్నది ఏది? తీరిక దొరికినప్పుడు ఒక్క వాక్యం రాసినా చాలు.

మొదటి వరుసలోనే పేరు, పని రెండూ వచ్చేలా రాశాను. ఫోనులో నోటిఫికేషన్ వచ్చినప్పుడు కనిపించేది ఆ కాస్తే. మీ డ్రాఫ్ట్ అయితే అక్కడ ‘గౌరవనీయులైన టీమ్ సభ్యులందరికీ’ అని మాత్రమే కనిపించి ఆగిపోయేది.

దీన్ని స్లాక్ పెట్టెలో నేరుగా టైపు చేయకండి. మామూలుగా ఎంటర్ నొక్కితే సందేశం వెళ్లిపోతుంది. కొత్త వరుసకు షిఫ్ట్, ఎంటర్ కలిపి నొక్కాలి. సగం వాక్యం వెళ్లిపోయి, దాన్ని దిద్దుతుండగా మరో సగం వెళ్లిపోవడం కొత్తవాళ్ల ఛానెళ్లలో తరచూ కనిపించే దృశ్యమే. స్లాక్‌లో మీకు మీరే సందేశం పంపుకునే చోటు ఉంటుంది. అక్కడ రాసి, ఫోనులో ఎలా కనిపిస్తుందో చూసుకుని, అప్పుడు ఛానెల్‌లో అతికించండి. `@channel` పెట్టొద్దు. అది డల్లాస్‌లో నిద్రపోతున్నవారితో సహా ఛానెల్‌లో ఉన్న అందరికీ వెళ్తుంది. `@here` కాస్త నయం, ఆ క్షణాన స్లాక్‌లో చురుగ్గా ఉన్నవాళ్లకే చేరుతుంది. అయినా పరిచయానికి అదీ అనవసరం.

ఎప్పుడు పంపాలన్నది చూద్దాం. సోమవారం ఉదయం పదింటికి అందరూ స్టాండప్‌లోనో దానికి సిద్ధమవుతూనో ఉంటారు. పదకొండున్నర ప్రాంతం బాగుంటుంది. కానీ మీది బిల్లింగ్ యాప్ కాబట్టి తేదీ కూడా చూసుకోండి. ప్రతి నెలా రిటర్నులు వేసే వ్యాపారులకు జీఎస్టీఆర్-1 గడువు 11వ తేదీ, జీఎస్టీఆర్-3బి గడువు 20వ తేదీ. ఆ రెండు తేదీలకు ముందు దుకాణదారుల ఫోన్లతో సపోర్ట్‌వాళ్లకు ఊపిరాడదు. ఛానెల్‌లో ఏదైనా గొడవ నడుస్తున్నట్టు, అంటే పది నిమిషాల్లో ఇరవై సందేశాలు పడి అందరూ ఒకే సమస్య గురించి రాస్తున్నట్టు కనిపిస్తే మీ నమస్కారం మధ్యలో దూర్చకండి. అది సద్దుమణిగాక మధ్యాహ్నం పంపండి.

మేనేజర్ ముందే మీ గురించి ఒక సందేశం పెడితే ఏం చేయాలి? చాలామంది దాని కింద థ్రెడ్‌లో జవాబు రాస్తారు. థ్రెడ్ తెరవనివాళ్లకు అది కనిపించదు. మీరూ థ్రెడ్‌లోనే రాయండి, కానీ పంపే ముందు కింద ఉన్న `Also send to` గడిలో టిక్ పెట్టండి. అప్పుడు రెండు చోట్లా కనిపిస్తుంది.

డల్లాస్ లెక్క ఒకసారి చెబుతాను, ఎందుకంటే అక్కడి మౌనాన్ని చాలామంది తప్పుగా అర్థం చేసుకుంటారు. మార్చి నుంచి నవంబరు మొదటి ఆదివారం దాకా వాళ్లు మనకు పదిన్నర గంటలు వెనక, చలికాలంలో పదకొండున్నర. పదిన్నర గంటల తేడా ఉన్న నెలల్లో మీ ఉదయం పదకొండున్నర వాళ్లకు అర్ధరాత్రి ఒంటిగంట. వాళ్లు తొమ్మిదింటికి కూర్చునేసరికి మనకు రాత్రి ఏడున్నర. సాయంత్రం దాకా వాళ్ల నుంచి ఏమీ రాలేదంటే దాని అర్థం నిద్రపోతున్నారనే. రాత్రి వాళ్లు రాసినదానికి మంగళవారం ఉదయం జవాబిస్తే చాలు, అప్పటికప్పుడు ఇవ్వక్కర్లేదు.

సందేశం పంపాక తరువాతి రెండు గంటలు ఛానెల్ తెరిచే ఉంచుకోండి. ఉత్త స్వాగతాలకు ఒక్కొక్కరికీ విడివిడిగా ధన్యవాదాలు చెబితే థ్రెడ్ అంతా అవే నిండుతాయి. వాటికి ఒక నమస్కారం బొమ్మ చాలు. కథ చెప్పినవారికి మాత్రం తప్పకుండా తిరిగి రాయండి, మరో ప్రశ్నతో. సపోర్ట్‌లో ఒకావిడ ఇలా రాశారనుకోండి: ‘ఒక కిరాణా దుకాణంలో కందిపప్పు అని ఎక్కిస్తే బిల్లు మీద కందిపప్‌పు అని వచ్చింది. ఆయన ఆ బిల్లు ఫొటో తీసి పంపారు.’ దీనికి నవ్వే బొమ్మ పెట్టి ఊరుకుంటే అవకాశం పోయినట్టే. చవక థర్మల్ ప్రింటర్లు చాలావాటిలో తెలుగు ఫాంటే ఉండదు. అందుకే తెలుగు బిల్లును సాధారణంగా బొమ్మగా మార్చి పంపుతారు. ఆ బొమ్మ తయారయ్యే దగ్గర అక్షరాలను కలిపే పని సరిగా జరగకపోతే ఒత్తు విడిపోయి ఇలా పక్కన నిలబడుతుంది. టెస్టర్‌గా మీకు వెంటనే రావాల్సిన ప్రశ్న ఇది: ‘అది అన్ని ఫోన్లలోనూ అలాగే వచ్చిందా అండీ, ఆ ఒక్క దుకాణంలోనేనా? ఆ ఫొటో ఇంకా ఉందా?’ ఆవిడ వెతికి పంపుతారు. ఆ భాగం రాసిన డెవలపర్ కూడా వచ్చి ఏదో వివరం చేరుస్తారు. మధ్యాహ్నానికల్లా ఇద్దరు మనుషులు పరిచయమవుతారు, మీ చేతిలో ఒక పాత లోపం ఉంటుంది, దాని పేరున మొదటి టెస్ట్ కేసు రాసుకోవచ్చు.

అలా వచ్చిన కథలన్నిటినీ సాయంత్రం ఒకచోట రాసి పెట్టుకోండి. శుక్రవారం నాడు అదే థ్రెడ్‌లో ‘మీరు చెప్పిన వాటిలో నాలుగింటిని ఈ వారం మళ్లీ పరీక్షించాను, మూడు సరిగ్గానే వస్తున్నాయి, ఒకటి ఇంకా వస్తోంది’ అని రాయగలిగితే చెప్పినవాళ్లందరికీ నోటిఫికేషన్ వెళ్తుంది. తాము చెప్పింది ఎవరో పట్టించుకున్నారని వాళ్లకు తెలుస్తుంది. ఇది నిజంగా చేసి ఉంటేనే రాయండి.

ఎవరూ ఏమీ రాయకపోతే? అదే సందేశాన్ని మళ్లీ పెట్టకండి, 13 మందికీ విడివిడిగా పంపడం అంతకన్నా వద్దు. ముందు ఆ రోజు ఛానెల్‌లో మామూలుగానే మాటలు నడిచాయా చూడండి. నడవకపోతే అది వాళ్ల రద్దీ. నడిచీ మీకు రాలేదంటే, ఆ టీమ్‌లో ఛానెల్‌లో మాట్లాడే అలవాటే తక్కువై ఉండవచ్చు. పాత పరిచయాలకు వచ్చిన జవాబులు చూశారు కదా, ఈపాటికి తెలిసే ఉంటుంది. అలాంటిచోట మేనేజర్‌ను ఒక్కమాట అడగండి: ‘ప్రింటింగ్ ఫిర్యాదుల గురించి ఎక్కువ తెలిసినవారు ఎవరండీ?’ ఆ పేరు దొరికాక అదే ప్రశ్న ఆ ఒక్కరికి నేరుగా పంపండి. ఛానెల్‌లో నోరు విప్పనివాళ్లు విడిగా అడిగితే పేజీలు రాయడం తరచూ చూస్తుంటాను.